‘ఏం తాకలేదులే’ అనకండి!

ఓసీడీ ఉన్నవారికి ఇంట్లోవాళ్లు చెప్పే ధైర్యమే జబ్బుకు మేత అవుతుంది. ఆ మేత ఎలా తగ్గించాలి? భయాన్ని మెట్టు మెట్టుగా ఎలా ఎక్కాలి?

రాత్రి ఎనిమిదిన్నర. పాతబస్తీలోని గౌలిపురా. పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఆయన ఇంటికి చేరాడు. చేరాడన్నమాటే గానీ లోపలికి వెళ్లలేదు. గడప బయటే నిలబడ్డాడు. లోపలి నుంచి భార్య అడుగుతోంది.

‘‘తొవ్వల మోరీ నీళ్లు తొక్కిన్రా?’’

‘‘తొక్కలే.’’

‘‘ఆటోల పక్కకు ఎవలన్న కూసున్నరా?’’

‘‘ఎవ్వల్లేరు.’’

‘‘నిజంగ?’’

‘‘నిజంగనే. బిడ్డ మీద ఒట్టు.’’

అబద్ధం. ఆటోలో ఆయనకు ఇటొకరు అటొకరు కూర్చున్నారు. కానీ నిజం చెబితే రాత్రి పదకొండు దాకా ఇల్లంతా కడగాలి. అందుకే ఒట్టు. ఆ తర్వాత గుమ్మం పక్కన కట్టిన దుప్పటి చాటున బట్టలు విప్పి బకెట్లో వేస్తాడు. నేరుగా స్నానాల గదికి వెళతాడు. కోడలు నల్లా తాకలేదు కాబట్టి అత్తగారు లేచివచ్చి తిప్పుతుంది. ఎనిమిదో తరగతి చదివే కూతురి బడి సంచి మెట్ల కిందే ఉంటుంది. హోంవర్కు కూడా అక్కడే.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఓసీడీ ఉన్న ఇళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే విషయాలను కలిపి, చికిత్స ఎలా సాగుతుందో చెప్పడానికి అల్లుకున్న ఉదాహరణ. చికిత్సలోని పద్ధతి మాత్రం అచ్చంగా నిపుణులు వాడేదే.

ఉపశమనమే ఉచ్చు

ఓసీడీ... అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. మన ఇళ్లలో దీనికి ‘చాదస్తం’ అనో, ‘అతిశుభ్రం’ అనో పేరు పెట్టి ఊరుకుంటాం. నిజానికి ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి, వద్దన్నా వచ్చిపడే ఆలోచన. ‘మోరీ మురికి ఇంట్లోకి వచ్చింది, బిడ్డకు జబ్బు చేస్తుంది’ లాంటిది. రెండోది, ఆ ఆలోచన తెచ్చిన భయాన్ని దించుకోవడానికి చేసే పని. కడగడం, మళ్లీ చూసుకోవడం, లెక్కపెట్టడం, పక్కవాళ్లను అడగడం.

కడిగితే భయం తగ్గుతుంది. తగ్గదని ఎవరూ అనరు. చిక్కంతా అక్కడే ఉంది. బిడ్డకు ఏమీ కానప్పుడు ‘అసలు ప్రమాదమే లేదు’ అని మనసు నేర్చుకోవాలి. కానీ మధ్యలో కడగడం అడ్డొచ్చింది కాబట్టి, ‘నేను కడిగాను గనుకే ఏమీ కాలేదు’ అని నేర్చుకుంటుంది. రేపు మళ్లీ కడగమంటుంది. ఇంకాస్త ఎక్కువ కడగమంటుంది.

భర్త పెట్టిన ఒట్టు కూడా కడగడం లాంటిదే. సబ్బు చేతిమీద చేసే పనిని ఆ మాట చెవిలో చేస్తుంది. ఓ పది నిమిషాలు ప్రశాంతం. తర్వాత కొత్త అనుమానం. ఇలా ఇంట్లోవాళ్లు జబ్బు అడిగినట్టల్లా సర్దుకుపోవడాన్ని నిపుణులు ‘ఫ్యామిలీ అకామడేషన్’ అంటారు. తెలుగులో సర్దుబాటు అనుకుందాం. ఇది ప్రేమతోనే మొదలవుతుంది. రోగి ఏడుస్తుంటే చూడలేక ఒకరు, గొడవ వద్దనుకుని ఒకరు, పొద్దున బడికి ఆలస్యమవుతోందని ఒకరు సర్దుకుంటారు. ఎంత సర్దుకుంటే జబ్బు అంత చోటు ఆక్రమిస్తుంది.

నల్లా కట్టేసిన డాక్టరు

ఈ చక్రాన్ని తెంచే చికిత్సకు ‘ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్’ అని పేరు. పొట్టిగా ఈఆర్‌పీ. భయపెట్టేదానికి కావాలని ఎదురు వెళ్లడం ఎక్స్‌పోజర్. వెళ్లాక అలవాటైన పని చేయకుండా ఆగడం రెస్పాన్స్ ప్రివెన్షన్. రెండూ కలిస్తేనే చికిత్స. మురికి ముట్టుకుని వెంటనే కడుక్కుంటే అది రోజూ జరిగేదే కదా!

దీనికి దారి చూపినవాడు విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు. 1966లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో తాను చికిత్స చేసిన ఇద్దరి గురించి రాశాడు. వారిలో ఒకామె బడిపంతులమ్మ. రోజంతా కడగడంతోనే సరిపోయేది. ఆమెను ఆసుపత్రిలో ఉంచి, గదిలో కుళాయి కట్టేసి, నర్సులను పక్కన పెట్టి, భయపడే వస్తువులను ముట్టుకోమన్నారు. అంతవరకు ఏ చికిత్సకూ లొంగని జబ్బు దారికొచ్చింది. 1974లో మేయర్ బృందం ప్రకటించిన ఫలితాల్లో 15 మందిలో 10 మందికి బాగా తగ్గింది.

అయితే ఈ కథ చదివి ఇంట్లో సంపు వాల్వు కట్టేయకండి. ఇప్పుడు ఎవరూ అలా చేయరు. ఈ రోజుల్లో కడగకుండా ఉండాలన్న నిర్ణయం రోగిదే. ఎక్కాల్సిన మెట్టును ఎంచుకునేదీ రోగే. బలవంతంగా పెట్టిన ఎక్స్‌పోజర్ శిక్షలా పనిచేస్తుంది. భయం తగ్గదు, ఇంట్లోవాళ్ల మీద నమ్మకం మాత్రం పోతుంది.

మొదటి వారం లెక్కే

మన ఉదాహరణలోని ఇల్లాలు ఓ క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు వెళ్లింది. మొదటి వారం ఆవిడ ఏమీ మానమనలేదు. ఓ నోటుబుక్కులో రాయమంది. ఎన్నిసార్లు చేతులు కడిగారు? దేనివల్ల? కడగాలనిపించినప్పుడు భయానికి వందకు ఎన్ని మార్కులు వేస్తారు? సున్నా అంటే ప్రశాంతం, వంద అంటే ఇంతకు మించి భరించలేననిపించే భయం.

వారం తిరిగేసరికి లెక్క తేలింది. రోజుకు సుమారు 60 సార్లు చేతులు కడుగుతోంది. స్నానానికి రెండు గంటలు. వారానికి ఆరు సబ్బులు. నల్లా రాని రోజు సంపులో నీళ్లు సాయంత్రానికే అయిపోతున్నాయి.

జబ్బు తీవ్రత కొలిచే యేల్-బ్రౌన్ స్కేలులో ఆమెకు 40కి 28 వచ్చాయి. ఇందులో పది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. 24 దాటితే తీవ్రంగా ఉన్నట్టు లెక్క.

అదే వారం భర్తకు, అత్తగారికి ఇంకో కాగితం ఇచ్చారు. ‘జబ్బు కోసం మీరు చేస్తున్న పనులేమిటి?’ అన్నదే ప్రశ్న. ‘మేమేం చేస్తున్నం? ఆమెనే చేసుకుంటది’ అన్నారు మొదట. రాయడం మొదలుపెట్టాక కాగితం నిండింది. రోజుకు పాతికసార్లు ‘ఏం తాకలే’ అని జవాబు. గుమ్మంలో బట్టలు మార్చడం. నల్లా తిప్పడం. సంచి మెట్ల కింద పెట్టడం. అడిగినన్ని సబ్బులు తేవడం. చుట్టాలను రావద్దనడం.

భయానికి నిచ్చెన

లెక్క చేతికొచ్చాక నిచ్చెన కట్టారు. భయపడే పనులన్నీ రాసి, ఒక్కోదానికి మార్కులు వేసి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చారు. అన్నింటికీ షరతు ఒక్కటే... ముట్టుకున్నాక కడగకూడదు. ఆమె నిచ్చెన ఇలా వచ్చింది.

20 మార్కులు: తలుపు గొళ్లెం లోపలివైపు పట్టుకోవడం.

30: బజారు నుంచి వచ్చిన కూరగాయల సంచి పట్టుకోవడం.

45: పది రూపాయల నోటు చేత్తో నలిపి, ఆ చేత్తో దిండు తాకడం.

55: కూతురి బడి సంచిని మంచం మీద పెట్టించడం.

65: భర్త బయట వేసుకున్న చొక్కా మడతపెట్టడం.

75: ఆటోలో కూర్చుని వచ్చి, అదే చీరతో మంచం మీద కూర్చోవడం.

85: చెప్పు పైభాగం పట్టుకుని, ఆ చేత్తో కూతురికి జడ వేయడం.

100: వాన పడిన రోజు మీరాలం మండికి వెళ్లి కూరలు కొని, ఇంటికొచ్చి, అందరిలా ఒక్కసారి కాళ్లూ చేతులూ కడుక్కుని వెంటనే వంట మొదలుపెట్టడం.

చివరి మెట్టు చూడండి. మోరీలో చెయ్యి పెట్టమని లేదు. మామూలు మనుషులు రోజూ చేసేదే ఉంది. మెట్లన్నీ ఇలాగే ఉండాలి. సైకాలజిస్టు తాను చేయని పని రోగిని చేయమనదు. నిచ్చెన సరిగ్గా కట్టారో లేదో తెలుసుకోవడానికి ఓ గుర్తుంది. మెట్ల మధ్య ఎడం పదీ పదిహేను మార్కులు మించకూడదు. 30 తర్వాత ఏకంగా 70 ఉంటే మధ్యలో మెట్టు మరిచిపోయారన్నమాట. అప్పుడు అదే పనిని చిన్నది చేయాలి. చొక్కా మొత్తం కాకుండా ముందు గుండీ ఒక్కటే ముట్టుకోవచ్చు.

దీంతోపాటే ‘ఎప్పుడు కడగవచ్చు’ అన్నదీ రాసుకున్నారు. మలమూత్రాలకు వెళ్లొచ్చాక, వంటకు ముందు, భోజనానికి ముందు, కంటికి మురికి కనిపించినప్పుడు. ఒక్కసారి, సబ్బుతో 20 సెకన్లు. స్నానం రెండు బకెట్లు. ఇంతే. అభ్యాసాన్ని వంటకు, భోజనానికి దూరంగా ఉన్న వేళలో పెట్టుకుంటారు. మెట్టు ఎక్కిన గంటలో అన్నం ముందు కూర్చుంటే కడగక తప్పదు కదా!

పది రూపాయల నోటు

మూడో మెట్టును దగ్గరగా చూద్దాం. ముందు సైకాలజిస్టు అడిగింది: ‘‘ఈ నోటు ముట్టుకుని కడగకపోతే ఏమవుతుందమ్మా?’’

‘‘రాత్రికి బిడ్డకు వాంతులైతయి మేడం. ఇంకోటి, నేను పది నిమిషాలు కూడ ఆగలేను. పిచ్చిలేస్తది.’’

ఆ రెండు మాటలూ కాగితం మీద తేదీ వేసి రాశారు. ఇది చాలా ముఖ్యం. తర్వాత నిజంగా ఏం జరిగిందో దాంతో పోల్చి చూడాలి కదా.

సైకాలజిస్టు తాను నోటు నలిపి, ఆ చేతులతో తన మొహం తుడుచుకుంది. తర్వాత ఈమె వంతు. నోటును రెండు అరచేతుల మధ్య రుద్దింది. ఆ చేతులు చీర కుచ్చిళ్లకు, సెల్‌ఫోనుకు, ఇంటి నుంచి తెచ్చిన దిండు గలీబుకు రాసింది. ఇలా అంతటా అంటించడం దేనికంటే, ‘ఈ కుడిచెయ్యి తప్ప మిగతాదంతా శుభ్రమే’ అని మనసు ఓ మూల దాచుకోకుండా ఉండటానికి.

మొదట 45 మార్కులు. ఐదు నిమిషాలకు 60. పావుగంటకు 55. అరగంటకు 40. ముప్పావు గంటకు 25. ఈలోగా సైకాలజిస్టు ‘ఏం కాదులెండి’ అని ఒక్కసారి కూడా అనలేదు. అడిగితే, ‘కావచ్చు, కాకపోవచ్చు. చూద్దాం’ అంది. మనసు మళ్లించడానికి టీవీ, కబుర్లు కూడా లేవు. భయం వైపు చూస్తూనే కూర్చోవాలి.

ఇంటికెళ్లి రోజూ అదే మెట్టు అభ్యాసం చేసింది. రెండోరోజు 40తో మొదలైంది. నాలుగోరోజు గంటైనా 50 దిగలేదు. ‘నాతోని కాదు’ అనుకుంది. కానీ ఆ రోజు కూడా కడగలేదు. పాత రోజుల్లో భయం దిగేదాకా కూర్చోవడమే చికిత్స అనేవారు. ఇప్పుడు నిపుణులు మరో మాట కూడా కలుపుతున్నారు. భయం దిగినా దిగకపోయినా, అనుకున్న ఆపద రాలేదనీ, భయంతోనే గంట గడపగలిగాననీ తెలుసుకోవడమే అసలు పాఠం. పది నిమిషాలు కూడా ఆగలేనన్న మనిషి గంట ఆగింది. ఆ లెక్కన నాలుగోరోజే అన్నిటికంటే మంచి రోజు.

పొరపాటున కడిగేస్తే? తిట్టుకోనక్కర్లేదు. వెంటనే నోటు మళ్లీ ముట్టుకోవాలి. కడగడం వల్ల వచ్చిన ఉపశమనం అక్కడికక్కడే రద్దవుతుంది.

ఇంటివాళ్లకూ ఓ నిచ్చెన

సర్దుబాట్లన్నీ ఒకేరోజు ఆపేస్తే ఇల్లు యుద్ధభూమి అవుతుంది. అందుకే వాటికీ వరస పెట్టారు. అన్నింటికంటే ముందు అందరూ కూర్చుని, ఆమె ఎదుటే, ఏది ఎప్పుడు ఆపుతారో చెప్పుకున్నారు. చెప్పకుండా ఆపితే అది దెబ్బలా తగులుతుంది. చెప్పి ఆపితే ఒప్పందం అవుతుంది.

రెండో వారం ఒకే ఒక్క పని... ‘ఏం తాకలే’ అన్న జవాబు ఆపడం. దాని బదులు ఏమనాలో భర్తకు రాసిచ్చారు. ఆయన తన భాషలోకి మార్చుకున్నాడు.

‘‘నీకు భయమైతుందని నాకు ఎరుకే. గీ ప్రశ్నకు జవాబు చెప్ప. నువ్వు తట్టుకుంటవ్.’’

ఇందులో మూడు ముక్కలున్నాయి. కష్టాన్ని గుర్తించడం, జబ్బుకు మేత వేయకపోవడం, ఆమె మీద నమ్మకం చూపడం. మొదటిది లేకుండా రెండోది అంటే కసురుకున్నట్టుంటుంది. ‘ఎన్నిసార్లు చెప్పాలె నీకు?’ అనడం కూడా ఒక రకంగా జవాబే. ‘చెప్పాను కదా, తాకలేదు’ అని అందులో ఉంది. ఆ మాట ఒక్కసారే అని, తర్వాత వేరే విషయం మాట్లాడాలి. అదే మాటను పాతికసార్లు అంటే అదీ ఓ మంత్రమైపోతుంది.

నాలుగో వారం అత్తగారు నల్లా తిప్పడం ఆపింది. ఆరో వారం బడి సంచి మెట్ల కింద నుంచి గదిలోకి వచ్చింది. ఎనిమిదో వారం భర్త గుమ్మంలో బట్టలు మార్చడం మానేశాడు. పదో వారం సబ్బులు వారానికి రెండే. ఈ వరస ఆమె నిచ్చెనకు జతగా సాగింది. సంచి మెట్టు ఆమె ఎక్కాకే ఇంట్లో సంచి కదిలింది. రెండు నిచ్చెనలూ పక్కపక్కనే ఉంటే గానీ ఈ ప్రణాళిక నిలబడదు.

రోగి చికిత్సకు రానంటే? అప్పుడు కూడా ఇంటివాళ్ల నిచ్చెన పనికొస్తుంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్టు, పిల్లల ఆందోళన జబ్బులకు తల్లిదండ్రులతోనే పనిచేసే పద్ధతిని తయారుచేశాడు. దాని సూత్రం చిన్నది. పిల్లలు ఏం చేయాలో చెప్పొద్దు, మీరు ఏం చేస్తారో మార్చుకోండి.

ఎక్కడ తప్పుతుంది?

జవాబు ఆపిన మొదటి వారం ప్రశ్నలు తగ్గలేదు. పాతిక కాస్తా నలభై అయ్యాయి. ఏడుపులు, అలకలు. ‘వికటించింది’ అనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. నిజానికి ఎప్పుడూ దొరికేది దొరక్కపోతే మనిషి ముందు గట్టిగా అడుగుతాడు. ఆ తర్వాతే మానుకుంటాడు. ఈ పెరుగుదల రోజుల్లో సద్దుమణగడం మొదలుపెట్టాలి. రెండు వారాలైనా తగ్గకపోతే ఎక్కడో మేత అందుతోందని అర్థం.

ఈ ఇంట్లో అదే జరిగింది. భర్త ఆపాడు. కూతురూ ఆపింది. కానీ అత్తగారికి మనసు ఒప్పలేదు. వంటింట్లో కోడలి చెవిలో ‘ఏం తాకలే బిడ్డా, నేను చూసిన’ అని చెబుతోంది. రోజుకు ఒక్కసారే! కానీ ఆ ఒక్కసారి చాలా ఎక్కువ. అడగ్గా అడగ్గా ఎప్పుడో దొరికే జవాబు, ఎప్పుడూ దొరికే జవాబు కంటే గట్టి అలవాటు చేస్తుంది. లాటరీ టికెట్టు కొనేవాడు ఎందుకు మానలేడో ఇదీ అందుకే. పెద్దావిడను సైకాలజిస్టు తప్పుపట్టలేదు. కోడలు అడిగినప్పుడల్లా జవాబు బదులు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోమంది. నోరు మూసుకోవడం కంటే చేతికి పని దొరకడం ఆమెకు తేలికైంది.

ఇంకో తప్పు కంటికి కనిపించదు. ఐదో మెట్టు దగ్గర, చొక్కా మడతపెట్టగానే ఆమె మార్కులు 65 నుంచి రెండు నిమిషాల్లో 10కి పడిపోయాయి. వినడానికి బాగుంది. సైకాలజిస్టుకే అనుమానం వచ్చింది. భయం అంత తొందరగా దిగదు. అడిగితే తెలిసింది, ఆమె మనసులో పదకొండుసార్లు దేవుడి పేరు అనుకుంటోంది. నీళ్లు లేకుండా చేసే కడగడం అది. చీర కొంగుకు చెయ్యి తుడుచుకోవడం, ‘మేడం చేయించింది కాబట్టి తప్పు నాది కాదు’ అనుకోవడం కూడా అంతే. అలా జరిగినప్పుడు ‘చొక్కా మురికి ఇంట్లోకి వచ్చిందేమో, రాలేదేమో’ అని ఆలోచనను మళ్లీ తెచ్చుకుని, దాన్ని తేల్చకుండా వదిలేయాలి.

మడీ ఆచారం సంగతేమిటి?

‘దేవుడి పేరు అనుకోవడం కూడా జబ్బేనా?’ అని అత్తగారు నొచ్చుకుంది. కాదు. భక్తితో తలచుకుంటే భక్తి. భయాన్ని రద్దు చేయడానికి, సరిగ్గా పదకొండుసార్లు, తప్పితే మొదటి నుంచి... ఇలా చేస్తే అది జబ్బు పని. చికిత్స ఆచారాన్ని మానమనదు. ఆచారం అడిగినదానికంటే జబ్బు అదనంగా అడిగేదాన్ని మానమంటుంది. పూజకు ముందు ఒక్క స్నానం ఆచారం. దీపం వత్తి సర్దాక మళ్లీ స్నానం, అదీ నాలుగోసారి... అది ఓసీడీ.

పాతబస్తీలో ఈ ప్రశ్న గల్లీకి రెండువైపులా ఉంది. నమాజుకు ముందు చేసే వుజూలో అవయవాలను మూడేసిసార్లు కడుగుతారు. ఓసీడీ ఉన్నవారికి మూడు చాలవు. సరిగ్గా తడిసిందో లేదో అని మళ్లీ మొదటికొస్తారు. దీన్నే ఉర్దూలో ‘వస్వసా’ అంటారు. ఇది ఈనాటి సంగతి కాదు. అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు వెయ్యేళ్లకు పూర్వమే శరీరం, మనసుల ఆరోగ్యం మీద రాసిన గ్రంథంలో ఇలా వెంటాడే ఆలోచనల గురించి రాశాడు. ‘అనుమానం వల్ల నిశ్చయం చెడదు’ అన్నది ఇస్లామీ ధర్మశాస్త్రంలో పేరున్న సూత్రం కూడా.

అందుకే చికిత్స మొదట్లో పూజారినో, మౌల్వీనో ఒక్కసారి అడిగి, మామూలు మనిషికి ఎంత చాలో రాసుకోవడం మంచిది. ఒక్కసారే! మళ్లీ మళ్లీ అడిగితే ఆయన కూడా ‘ఏం తాకలే’ అని చెప్పే ఇంటిమనిషి అయిపోతాడు.

పదహారు వారాల తర్వాత

పదహారో వారానికి ఆమె రోజుకు పన్నెండుసార్లు చేతులు కడుగుతోంది. స్నానం ఇరవై నిమిషాలు. స్కేలులో 28 కాస్తా 14కి దిగింది. తొలి మార్కుల్లో మూడో వంతుకు పైగా తగ్గితే చికిత్సకు లొంగినట్టు నిపుణులు లెక్కిస్తారు. ఇక్కడ సగం తగ్గింది. పూర్తిగా పోలేదు. వాన పడితే ఇప్పటికీ కాళ్ల వైపు రెండుసార్లు చూసుకుంటుంది.

అందరికీ ఇలాగే జరగదు. ఈఆర్‌పీని చివరిదాకా చేసినవారిలో సగానికి పైగా చెప్పుకోదగ్గ మేలు పొందుతారు. కానీ భయపడి మొదలుపెట్టనివారు, మధ్యలో మానేసేవారు తక్కువేం కాదు. జబ్బు తీవ్రంగా ఉన్నా, దిగులు తోడైనా సైకియాట్రిస్టు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్ లాంటి మందులు జతచేస్తారు. ఓసీడీకి వీటి మోతాదు దిగులుకు ఇచ్చేదానికంటే తరచూ ఎక్కువే ఉంటుంది. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నెలకే ‘పనిచేయలేదు’ అని ఆపేయకూడదు. బతకాలని లేదన్న మాట వచ్చినా, తిండి నిద్ర మానేసినా నిచ్చెన పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

జబ్బు తిరగబెట్టే వేళలు కూడా ముందే రాసుకున్నారు. పరీక్షలు, ఇంట్లో ఎవరికైనా జ్వరం, చుట్టాల రాక. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలొచ్చాయి. మూడేళ్ల తర్వాత ఆ ఇంటికి చుట్టాలు వచ్చారు. వాన తడి, చెప్పుల గుట్ట, పిల్లల పరుగులు. ఆ రోజు ఆమె భయానికి వేసుకున్న మార్కులు 70. కానీ వంటింట్లోనే ఉంది.

రాత్రి భర్త వచ్చి గడప దాటాడు. ఆమె నోటిదాకా ఓ ప్రశ్న వచ్చింది. ఆయనకూ తెలిసింది. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె, ‘‘అన్నం పెట్టాల్నా?’’ అంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పాతబస్తీ నుంచి వెళ్లేవారు ఎంజీబీఎస్‌లో గానీ మలక్‌పేటలో గానీ మెట్రో ఎక్కితే, రైలు మారకుండా ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగవచ్చు. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

సైకాలజిస్టును కలిసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ‘మీరు ఈఆర్‌పీ చేయిస్తారా? నిచ్చెన రాయిస్తారా? ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెడతారా?’ భయమేస్తే గట్టిగా ఊపిరి పీల్చమని, మనసు మళ్లించుకోమని మాత్రమే చెప్పి పంపితే అది ఈఆర్‌పీ కాదు.